డ్రిప్ కంట్రోలర్ ప్రెస్‌నోట్ తెలుగులోకి: హెడ్డింగు, ఎండీ మాటలు కుదరడం లేదు

పెన్నతీరం, అనంతపురం

అందరికీ నమస్కారం. ఒక కంపెనీ డ్రిప్ వాల్వ్‌లను సెల్‌ఫోన్‌తో నడిపే కంట్రోలర్ తెస్తోంది. వచ్చే సోమవారం అనంతపురంలో ప్రెస్‌మీట్. ఇంగ్లిష్ ప్రెస్‌నోట్ నా చేతికి వచ్చింది, శుక్రవారానికల్లా తెలుగు ఇవ్వాలి. కంపెనీ పేరూ, ఎండీ పేరూ ఇక్కడ పెట్టలేను కాబట్టి రెండింటికీ ‘ఫలానా’ అనే రాస్తున్నాను.

పరికరం సంగతి ఇదీ. వేర్ల దగ్గర నేలలో తేమ కొలిచే సెన్సర్ ఉంటుంది. తేమ తగ్గినప్పుడే ఆ వరుస వాల్వ్ తెరుచుకుంటుంది, చాలినంత తడి అందగానే మూసుకుంటుంది. రైతు ఇంట్లో కూర్చుని ఫోన్లో చూసుకోవచ్చు, కావాలంటే తనే తిప్పుకోవచ్చు.

హెడ్డింగును ఉన్నదున్నట్టు దించితే ఇలా వచ్చింది:

“రైతులకు సాధికారత కల్పిస్తూ 30% వరకు నీటిని ఆదా చేసే భారతదేశపు అత్యంత అధునాతన స్మార్ట్ డ్రిప్ కంట్రోలర్‌ను ఆవిష్కరించిన ఫలానా”

ఎండీ మాటలు ఇలా:

“‘రాయలసీమ రైతులకు ఈ గేమ్ ఛేంజింగ్ పరిష్కారాన్ని తీసుకురావడం పట్ల మేము ఎంతో ఉత్సాహంగా ఉన్నాము. ఫలానాలో మేము చేసే ప్రతి పనికీ రైతే హృదయం. ఈ ఆర్థిక సంవత్సరం ముగిసేనాటికి 5,000 ఎకరాలకు చేరాలని మేము ఆశిస్తున్నాము. చాలా మంది సాగుదారులకు ఈ పరికరం రెండు పంట సీజన్లలో తన ఖర్చును తానే చెల్లిస్తుంది’ అని ఫలానా మేనేజింగ్ డైరెక్టర్ ఫలానా అన్నారు.”

తప్పేమీ లేదు, కానీ చదువుతుంటే పళ్ల కింద రాయి పడినట్టుంది. పేపర్లో పనిచేసినవాళ్లు ఎవరైనా చెప్తారా?

గండికోట గాలి, కడప

హెడ్డింగులో కంపెనీ పేరు ముందుకు తెండి. డబ్బులిచ్చేది వాళ్లే కదా. “ఫలానా నుంచి అత్యాధునిక డ్రిప్ కంట్రోలర్” అంటే సరిపోతుంది.

ఎండీ మాటలు మాత్రం కదిలించొద్దు. కోట్ అంటే కోటే. ఇంగ్లిష్‌లో ఎన్ని వాక్యాలుంటే తెలుగులో అన్ని ఉండాలి, కామాలతో సహా. మార్చితే రేపు లీగల్ వాళ్లు పట్టుకుంటారు.

బురుజు నీడ, కర్నూలు

చాలా ఏళ్లు జిల్లా పేజీల డెస్కులో కూర్చున్నవాణ్ని. రోజూ సాయంత్రం వచ్చే ప్రెస్‌నోట్లలో సగం ఇదే పోకడ. ముందు హెడ్డింగు చూద్దాం, ఎండీ మాటలకు విడిగా రాస్తాను.

పెన్నతీరం గారూ, మీ హెడ్డింగు చివర “ఆవిష్కరించిన ఫలానా” అని ఉంది చూశారా, అది చూడగానే డెస్కులో అందరికీ తెలిసిపోతుంది ఇది కంపెనీ పంపిన కాగితమని. ఇంగ్లిష్‌లో కంపెనీ పేరు మొదట, తర్వాత క్రియ, తర్వాత వస్తువు. దాన్ని తలకిందులు చేస్తే విశేషణాలన్నీ మీద పడి, కంపెనీ పేరు తోకలా మిగులుతుంది. తెలుగు పాఠకుడు పదిహేను మాటలు మోసుకుంటూ వచ్చి, చివరికి ఎవరో తెలుసుకోవాలి. జిల్లా పేజీలో సింగిల్ కాలమ్ వార్తకు లైనుకు రెండు మాటలు పట్టడమే కష్టం. ఆ హెడ్డింగు ఎట్లాగూ మారుస్తారు, మార్చేవాడు ఏం రాస్తాడో మీ చేతుల్లో ఉండదు. అందుకే పట్టేటట్టు మీరే ఇవ్వండి.

మన హెడ్డింగుల్లో క్రియ చాలాసార్లు ఉండదు. “లోకి”, “కు”, “తో” వంటివే ఆ పని చేసేస్తాయి. “మార్కెట్లోకి కొత్త డ్రిప్ కంట్రోలర్” అన్నాక “వచ్చింది” అని ఎవరూ రాయరు. అది కూడా పేలవమే అనుకోండి, ఎందుకంటే రైతుకు ‘కొత్త’ అన్న మాట వార్త కాదు. పొలానికి పోకుండా వాల్వ్ తిప్పొచ్చు అన్నది వార్త. నేనైతే ఇలా పెడతాను:

సెల్‌ఫోన్‌తోనే డ్రిప్‌కు నీళ్లు
– తేమను బట్టి తెరుచుకునే వాల్వ్‌లు
– మార్కెట్లోకి ‘ఫలానా’ కొత్త పరికరం

మొదటి లైను పాఠకుడిది, మూడోది కంపెనీది. డెస్కులో జాగా లేక ఒక లైను తీసేసినా మిగతావి నిలబడతాయి.

‘సాధికారత’ తీసేయండి. దాని కింద ఏ పనీ లేదు. ‘దేశంలోనే అత్యంత అధునాతన’ అన్నది హెడ్డింగులో ఏ పేపరూ వేయదు, వేస్తే పేపరే ఆ మాట అన్నట్టవుతుంది. క్లయింటు పట్టుబడితే నాలుగో పేరాలో “దేశంలో ఇంత ఆధునికమైనది ఇదేనని సంస్థ చెబుతోంది” అని పెట్టండి.

ఇంకొకటి. హెడ్డింగు పొట్టి చేసే తొందరలో అందరూ మొదట తీసేసే మాట “వరకు”. ఇంగ్లిష్‌లో ఉన్నది ముప్పై శాతం ‘వరకు’. “30 శాతం నీటి ఆదా” అని హెడ్డింగు పెడితే కంపెనీ ఇవ్వని హామీ మీరిచ్చినట్టు. హెడ్డింగులో ‘వరకు’ పట్టకపోతే అంకెనే తీసేయాలి గానీ ‘వరకు’ను కాదు. నేను పైన అంకె పెట్టకపోవడానికి కారణం అదే.

చీనీతోట, నార్పల

అప్పా, ఇది ఎంత పడుతుంది? సబ్సిడీ వస్తుందా? మాకు ఐదెకరాలు చీనీ ఉంది. బోరు ఇంటికి దూరం. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు పరిగెత్తాల. ఇంతకుముందు మోటారుకు సెల్లుతో ఆన్ చేసే స్టార్టర్ ఒకటి కొన్నాను. దాంతో తెలుగు కాగితం ఇచ్చినారు గానీ ఒక్క ముక్క అర్థం కాలేదు. “శుష్క పరుగు రక్షణ” అని ఉంది. ఏందిరా ఇది అని మా పిల్లోడిని అడిగితే బోరులో నీళ్లు అయిపోతే మోటారు కాలకుండా ఆగిపోతాదంట. ఆ మాటే రాయొచ్చు కదా.

పెన్నతీరం

అన్నా, నేను అమ్మేవాణ్ని కాదు, కాగితం తెలుగు చేసేవాణ్ని. ధర రూ.18,500 నుంచి మొదలు అని ఉంది. సబ్సిడీ గురించి ఈ కాగితంలో ఏమీ లేదు, సోమవారం ప్రెస్‌మీట్ అయ్యాక వాళ్లనే అడగండి.

మీరు చెప్పిన స్టార్టర్ కాగితం సంగతి మాత్రం నాకు పనికొచ్చింది. మన ప్రెస్‌నోట్లోనూ ‘డ్రై రన్’ ఉంది. “బోరులో నీళ్లు తగ్గితే మోటారు కాలిపోకుండా దానంతటదే ఆగిపోతుంది” అని పెట్టేశాను.

చీనీతోట

సరే అన్నా. ఇంకొక మాట. పైన ‘రెండు పంట సీజన్లలో’ ఖర్చు వచ్చేస్తుందని రాసినారు. చీనీకి సీజన్ ఏది? వేరుశనక్కాయ వేసేవాళ్లకి రెండు పంటలంటే ఒక ఏడాదిలో అయిపోతాది, వానకు ఒకటి, బోరు కింద చలికాలంలో ఒకటి. మాకు ఏడాదికి ఒక కాపు పట్టేది. రెండు కాపులంటే రెండేళ్లు. ఏది అనుకోవాల?

బురుజు నీడ

ఈ దారంలో ఇంతవరకు వచ్చిన ప్రశ్నల్లో ఇదే పెద్దది. పెన్నతీరం గారూ, దీనికి జవాబు మీరు ఊహించి రాయకండి, క్లయింటుకు మెయిల్ పెట్టి అడగండి. ఇంగ్లిష్‌లో కనబడని గుంట తెలుగులో బయటపడింది. రైతు చదివేది రైతుగానే చదువుతాడు, ఆ వాక్యం చూసి లెక్క వేసుకుంటాడు.

పెన్నతీరం

అడిగాను. మధ్యాహ్నానికి జవాబొచ్చింది. వాళ్ల లెక్క కూరగాయలు, వేరుశనగ మీద వేసిందట, తోటలకు వేయలేదట. ప్రెస్‌నోట్ మొదటి పేరాలో మాత్రం చీనీ, దానిమ్మ అని ఉంది! “కూరగాయలు, వేరుశనగ రైతుల్లో ఎక్కువ మందికి రెండు పంటల్లోనే పెట్టుబడి తిరిగొస్తుంది” అని మార్చమన్నారు. ఇంగ్లిష్‌లో కూడా సరిచేస్తున్నారట. ముప్పై శాతం లెక్క మాత్రం డ్రిప్ ఉన్న పంటలన్నిటికీ వేసిందేనని చెప్పారు.

హంద్రీ, కర్నూలు నుంచి బెంగళూరు

నేను పీఆర్ ఏజెన్సీలో పని చేస్తాను, అవతలి వైపు సంగతి కొంచెం చెప్తాను. మా క్లయింట్లలో చాలామందికి తెలుగు రాదు. మీరిచ్చిన తెలుగును ఇంకొకరితో మళ్లీ ఇంగ్లిష్‌లోకి తిప్పించి, మొదటి కాగితంతో పక్కపక్కన పెట్టి చూస్తారు. అందులో “థ్రిల్డ్” లేకపోతే ఎర్రగీత. “హృదయం” లేకపోతే ఇంకో ఎర్రగీత. బురుజు నీడ గారి హెడ్డింగు బాగుంది, ఒప్పుకుంటాను, కానీ నా డెస్కు మీద అది రెండు గంటలు కూడా బతకదు. అప్రూవల్ చాలా పెద్ద టెన్షన్.

మేం చేసేదేమంటే తెలుగు పక్కన మూడో కాలమ్ పెట్టి, ఎక్కడెక్కడ ఎందుకు మార్చామో ఇంగ్లిష్‌లో ఒక్కో ముక్క రాస్తాం. “ఈ మాట తెలుగు పేపర్లో వేస్తే డెస్కు తీసేస్తుంది” అని రాస్తే కొందరు వింటారు.

గండికోట గాలి

అదే నేను చెప్పింది! కోట్ కదిలించొద్దు.

బురుజు నీడ

కదిలించాలి. ఎంత కదిలించాలన్నదే ప్రశ్న.

ఇంగ్లిష్ ప్రెస్‌నోట్‌లో ఎండీ పేరాడు మాటలు మాట్లాడి, చివర ‘అన్నారు’ వస్తుంది. అదే వరస తెలుగులో పెడితే, ఎవరు మాట్లాడుతున్నారో తెలియకుండా పాఠకుడు నాలుగు వాక్యాలు ‘మేము, మేము’ అని చదవాలి. అందుకని తెలుగు వార్తల్లో మనిషిని ముందు నిలబెట్టి, ఆయన మాటలను ‘అని’తో మన మాటల్లో చెప్తారు. నాలుగు వాక్యాలకు నాలుగు ‘అని’లు వరసగా వస్తే విసుగు పుడుతుంది, కాబట్టి ఒక్కో ‘అని’ వెనుక ఏ క్రియ రావాలో చూసుకోవాలి. ఊరికే మార్చి మార్చి వాడితే కుదరదు. ‘వెల్లడించారు’ అంటే అంతకుముందు తెలియనిది బయటపెట్టారని. ధరకు సరిపోతుంది. ‘స్పష్టం చేశారు’ అంటే ఎవరో సందేహం లేవనెత్తారని. ఇక్కడ ఎవరూ లేవనెత్తలేదు. ‘ధీమా వ్యక్తం చేశారు’ అన్నది ఇంకా ప్రమాదం. ఇంగ్లిష్‌లో ఉన్నది ‘ఎక్స్‌పెక్ట్’ మాత్రమే, అంచనా. దాన్ని ధీమా చేస్తే ఐదు వేల ఎకరాలు మాట ఇచ్చినట్టవుతుంది. షేర్ మార్కెట్లో ఉన్న కంపెనీ అయితే లీగల్ వాళ్లు పట్టుకునేది అక్కడే, కామాల దగ్గర కాదు.

కాబట్టి వాక్యాలవారీగా చూద్దాం. మొదటి వాక్యంలో ఉత్సాహం తప్ప విషయం లేదు. పరికరం విడుదల వాక్యంలో “రాయలసీమ రైతుల కోసం” అని కలిపేస్తే చాలు. ‘ఆర్థిక సంవత్సరం ముగిసేనాటికి’ అన్నదానికి “వచ్చే మార్చి నెలాఖరుకల్లా” అంటే అందరికీ అర్థమవుతుంది. “5 వేల ఎకరాల్లో అమర్చగలమని అంచనా వేస్తున్నట్లు చెప్పారు” అనండి. ఆ ‘ట్లు’ వల్ల మాట ఎండీదిగానే ఉంటుంది, పేపరుది కాదు. ‘తన ఖర్చును తానే చెల్లిస్తుంది’ అని తెలుగులో ఎవరూ అనరు, ‘పెట్టుబడి తిరిగొస్తుంది’ అంటారు.

ఒక్క వాక్యం మాత్రం కొటేషన్ గుర్తుల్లోనే ఉంచండి. మనిషి నోట్లోంచి వచ్చినట్టు ఉండే వాక్యం ఏదో ఒకటి ఉండాలి. ఈ కాగితంలో ‘రైతే హృదయం’ ఉంది, దాన్ని “మేం ఏ పని మొదలుపెట్టినా ముందు ఆలోచించేది రైతు గురించే” అని పెట్టొచ్చు. హంద్రీ గారి మూడో కాలమ్‌కు కూడా అది నిలబడుతుంది.

గండికోట గాలి

వ్యాకరణం సంగతి. కొటేషన్ గుర్తులు తీసేసినప్పుడు ‘మేము’ను ‘తాము’ చేయాలి, అది తెలుసు. అప్పుడు క్రియ కూడా మారాలి కదా? “తాము అమర్చుతారని చెప్పారు” అని?

బురుజు నీడ

‘తాము’ సరే. క్రియ మారదు. “తాము అమర్చుతామని చెప్పారు”, “తాను వస్తానని చెప్పాడు” అంటాం. ‘తాను’ ‘తాము’ వచ్చినా క్రియ మాట్లాడినవాడి నోట్లో ఉన్నట్టే ఉంటుంది. “అమర్చుతారని చెప్పారు” అంటే ఎవరో వేరేవాళ్లు అమర్చుతారని అర్థం వస్తుంది. అసలు చాలాచోట్ల ‘తాము’ కూడా అక్కర్లేదు, ‘అమర్చుతామని’ అనగానే ఎవరో తెలిసిపోతుంది. వాక్యానికో ‘తాము’ పెడితే అదీ అనువాదం వాసనే.

గండికోట గాలి

సరే ఒప్పుకున్నాను, నోట్లో అనుకుంటే మీరన్నదే వస్తోంది. కోట్ మొత్తం మన మాటల్లోకి తేవడం మాత్రం నాకింకా నచ్చలేదు. కంపెనీ వెబ్‌సైట్లో పెట్టే తెలుగుకు ఇది పనికిరాదు, అక్కడ ఎండీ ఫొటో కింద ఆయన మాటలు ఆయనవిగానే ఉండాలి.

హంద్రీ

వెబ్‌సైట్‌కు ఒకటి, పేపర్లకు ఒకటి, రెండు తెలుగులు ఇవ్వాలి. బడ్జెట్ మాత్రం ఒక్కదానికే ఇస్తారు!

ఇంకో సంగతి. సోమవారం ఎండీ ఆ మాటలు అంటారనే గ్యారంటీ లేదు. ఒకసారి మా క్లయింటు నోట్‌లో లేని అంకె చెప్పేశాడు, విలేకరులు అదే రాశారు. ఈ ఎండీకి తెలుగు వచ్చా? వస్తే ప్రెస్‌నోట్ తెలుగును ముందే ఆయన చేతికివ్వండి. రాకపోతే హాల్లో పక్కన ఉండి తెలుగు చేసి చెప్పే మనిషికైనా ఇవ్వండి. హాల్లో ఒక మాట, కాగితంలో ఒక మాట ఉంటే విలేకరి తను విన్నదే రాస్తాడు.

పెన్నతీరం

ఆయనది పుణె వైపట, తెలుగు రాదట. హాల్లో చెప్పే బాధ్యత కూడా నా మీదే వేస్తారేమో, అడుగుతాను.

అందరూ చెప్పినవి కలిపి ఇలా కూర్చాను, చూడండి.

*సెల్‌ఫోన్‌తోనే డ్రిప్‌కు నీళ్లు*
*– తేమను బట్టి తెరుచుకునే వాల్వ్‌లు*
*– మార్కెట్లోకి ‘ఫలానా’ కొత్త పరికరం*

*అనంతపురం: డ్రిప్ వాల్వ్‌లను సెల్‌ఫోన్‌తో నడిపే పరికరాన్ని ఫలానా సంస్థ రాయలసీమ రైతుల కోసం ఈ రోజు అనంతపురంలో విడుదల చేసింది. నేలలో తేమ తగ్గినప్పుడే నీళ్లు వదలడం దీని ప్రత్యేకత అని సంస్థ మేనేజింగ్ డైరెక్టర్ ఫలానా విలేకరుల సమావేశంలో చెప్పారు. దీనివల్ల చీనీ, దానిమ్మ, వేరుశనగ, కూరగాయల సాగులో 30 శాతం వరకు నీరు ఆదా అవుతుందని తెలిపారు. ధర రూ.18,500 నుంచి మొదలవుతుందని వెల్లడించారు.*

*“మేం ఏ పని మొదలుపెట్టినా ముందు ఆలోచించేది రైతు గురించే” అని ఆయన అన్నారు. వచ్చే మార్చి నెలాఖరుకల్లా 5 వేల ఎకరాల్లో అమర్చగలమని అంచనా వేస్తున్నట్లు చెప్పారు. కూరగాయలు, వేరుశనగ రైతుల్లో ఎక్కువ మందికి రెండు పంటల్లోనే పెట్టుబడి తిరిగొస్తుందని వివరించారు. బోరులో నీళ్లు తగ్గితే మోటారు కాలిపోకుండా దానంతటదే ఆగిపోతుందన్నారు.*

*తొలి విడతలో అనంతపురం జిల్లాలోని తాడిపత్రి, ధర్మవరం, కదిరి, హిందూపురం ప్రాంతాల్లో డీలర్లను నియమిస్తున్నట్లు పేర్కొన్నారు.*

బురుజు నీడ

బాగా వచ్చింది. రెండు మార్పులు.

‘ఈ రోజు’ తీసి ‘సోమవారం’ చేయండి. పేపరు చేతికొచ్చేది మంగళవారం పొద్దున. డెస్కులో తొందరలో అది అట్లాగే పోయిందంటే మంగళవారం విడుదలైనట్టవుతుంది.

చివరి పేరాలో జిల్లా తప్పు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు ధర్మవరం, కదిరి, హిందూపురం శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయాయి. అనంతపురంలో మిగిలింది తాడిపత్రే. కంపెనీ వాళ్ల దగ్గర పాత మ్యాప్ ఉన్నట్టుంది. “అనంతపురం జిల్లాలోని తాడిపత్రి, శ్రీసత్యసాయి జిల్లాలోని ధర్మవరం, కదిరి, హిందూపురంలో” అని విడదీయండి. దీనివల్ల మీకు ఇంకో లాభం ఉంది. పుట్టపర్తి వైపు విలేకరులకు కూడా పంపొచ్చు. అక్కడి పేజీకి పంపేటప్పుడు ఆ ఊళ్ల పేరాను పైకి తెండి, లేకపోతే ‘మన జిల్లా వార్త కాదు’ అని పక్కన పడేస్తారు.

పంపేటప్పుడు మెయిల్లోనే యూనికోడ్‌లో అతికించండి. అను ఫాంట్లో టైపు చేసిన పీడీఎఫ్ పంపితే, కాపీ చేస్తే గజిబిజి అక్షరాలు వస్తాయి, అంతా మళ్లీ టైపు కొట్టే ఓపిక రాత్రి ఎనిమిదికి ఎవరికీ ఉండదు. ఫొటో విడిగా పెట్టి, అందులో ఎడమ నుంచి ఎవరెవరున్నారో రాయండి.

చీనీతోట

ధర్మవరంలో మా బామ్మర్ది ఉన్నాడు. డీలరు ఎవరో తెలిస్తే చెప్పన్నా. చీనీకి ఎన్ని కాపుల్లో డబ్బు తిరిగొస్తాదో కాగితంలో రాయలేదు, అది కూడా అడుగు.

పెన్నతీరం

అడుగుతాను అన్నా. రెండు మార్పులూ చేసేశాను. హంద్రీ గారు చెప్పినట్టు మూడో కాలమ్ పెట్టి క్లయింటుకు పంపాను. హెడ్డింగు దగ్గర మాత్రం ఎర్రగీత అప్పుడే వచ్చింది, కంపెనీ పేరు మొదటి లైనులోనే ఉండాలట. “ఫలానా నుంచి సెల్‌ఫోన్‌తో నడిచే డ్రిప్” అని ఒకటి, బురుజు నీడ గారిది ఒకటి, రెండూ పంపాను. ఇంకా ఏదీ తేలలేదు.